టెస్ట్ డేటాబేస్‌లో పేర్లు: అసలు జాగ్రత్త ఇంటిపేరు దగ్గర

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర. ఒక పొదుపు సంఘానికి సభ్యుల రికార్డుల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. పరీక్షించడానికి 20,000 పేర్లు కావాలి. అవి అచ్చం మన ప్రాంతపు పేర్లలా ఉండాలి, కానీ నిజమైన సభ్యుల వివరాలేవీ బయటపడకూడదు. అసలు డేటాబేస్ నకలు తీసుకుని పేర్లు తారుమారు చేస్తే సరిపోతుందా?

సమాధానం:

సరిపోదు. ఎంత కలగాపులగం చేసినా ఆ పేర్లు మీ సంఘంలో ఉన్న మనుషులవే. అసలు పట్టికలోంచి ఒక్క పేరు కూడా తీసుకోకండి. వ్యక్తుల పేర్లను మన ప్రాంతంలో వేలమందికి ఉండేవాటిలోంచి మీ చేత్తో రాసుకోండి. ఇంటిపేర్లను మాత్రం ఉన్నవాటిలోంచి ఏరుకోకుండా కొత్తగా కల్పించండి. ఈ రెండు జాబితాలనూ చిన్న ప్రోగ్రాముతో జతపరిస్తే 20,000 వరుసలు నిమిషంలోపే తయారవుతాయి. జాబితాలు రాసుకోవడానికి ఒక పూట చాలు. శ్రమంతా వాటిని సరిచూసుకోవడంలో ఉంటుంది కాబట్టి ఈ సమాధానంలో ఎక్కువ భాగం దాని గురించే రాస్తున్నాను.

నేను 17 ఏళ్లుగా డేటాబేస్ నిర్వహణ పనిలో ఉన్నాను, ఉండేది శ్రీకాకుళంలో. మీరు అడిగిన పద్ధతినే నేను కూడా మొదట్లో పాటించాను. అది ఎక్కడ దెబ్బతీసిందో ముందు చెబుతాను, ఎందుకంటే ఇంటిపేరు విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి కారణం అదే.

మన జిల్లాల్లో మనిషి పేరు చెప్పే సంగతి వేరు, ఇంటిపేరు చెప్పే సంగతి వేరు. అప్పలనాయుడు అన్న పేరు వింటే సింహాద్రి అప్పన్న మీద భక్తితో పెట్టిన పేరని మాత్రమే తెలుస్తుంది. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా ఏ సంతలో నిలబడి ఆ పేరుతో పిలిచినా ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూస్తారు. పైడితల్లి అమ్మవారి పేరున పైడిరాజులు, అరసవల్లి స్వామి పేరున సూర్యనారాయణలు, శ్రీకూర్మం స్వామి పేరున కూర్మారావులు, శ్రీముఖలింగం పేరున ముఖలింగాలు కూడా అంతే. ఆ పేరు ఒక్కటే దొరికితే ఎవరినీ గుర్తుపట్టలేము. ఇంటిపేరు అలా కాదు. కొన్ని ఇంటిపేర్లు ఒకే ఊళ్లో, ఒకే వీధిలో, నాలుగైదు గడపలకు మాత్రమే ఉంటాయి. అటువంటి ఇంటిపేరు ఊరి పేరు పక్కన కనిపించిందంటే, మనిషి పేరు పూర్తిగా చెరిపేసినా ఇల్లు తెలిసిపోతుంది.

చాలా ఏళ్ల కిందట ఒక సంస్థకు రుణ ఖాతాల ప్రోగ్రాము రాసే బృందంలో పనిచేశాను. ఊరివారీ నివేదికల మొత్తాలు సరిపోవాలి కనుక ఊరి పేరు కాలమ్‌ను కదపలేదు. ఏ ఊరి సభ్యుల పేర్లను ఆ ఊరిలోనే కలిపి, తిరిగి పంచాము. ఒక మధ్యాహ్నం కొత్తగా చేరిన అమ్మాయి బాకీల నివేదిక తెరను చూస్తూ ఆగిపోయింది. అందులో ఒక చిన్న ఊరు, ఆ ఊరికి తొమ్మిది మంది సభ్యులు, వారిలో ఇద్దరికి మాత్రం వేరే ఎవరికీ లేని ఇంటిపేరు. అది ఆమె పెదనాన్నగారి ఇల్లు. మా కలగాపులగంలో భర్త వరుసకు భార్య పేరు, భార్య వరుసకు వేరొకరి పేరు వచ్చాయి గానీ, ఆ ఇంటిపేరుతో, ఆ ఊరిపేరుతో, కట్టని మూడు వాయిదాలు తెర మీద అలాగే ఉన్నాయి. ఆ సంగతి తన ఇంట్లో కూడా ఎవరికీ తెలియదని ఆమె మెల్లగా అంది. ఆ తెర బొమ్మలను అప్పటికే బయటి సంస్థకు పంపి ఉన్నాము. వాటిని వెనక్కి తీసుకునే దారి లేదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వ్యక్తిగత డేటాను నిర్వచించేటప్పుడు పేరు ఉందా లేదా అని చూడదు, ఆ వివరాలతో మనిషిని గుర్తించగలమా అని చూస్తుంది. ఆ లెక్కన మా తారుమారు పట్టిక ఆద్యంతం వ్యక్తిగత డేటాయే. పేర్లను హ్యాష్ చేస్తే చాలునని కొందరు అంటారు, అదీ నిలవదు. మన పేర్ల సంఖ్య పరిమితం కనుక, వాటన్నిటి హ్యాష్‌లూ ముందే లెక్కవేసి పోల్చుకోవడం ఎవరికైనా ఒక గంట పని. ఒక్కొక్క అసలు పేరుకు ఒక్కొక్క మారుపేరు స్థిరంగా కేటాయించడం కూడా అటువంటిదే, ఎందుకంటే ఊళ్లో ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు మారుపేరుగానూ ఎక్కువమందికే కనిపిస్తుంది, ఊరు తెలిసినవారు అక్కడి నుంచి ఒక్కొక్కటే విప్పుకుంటూ పోగలరు.

వ్యక్తుల పేర్ల జాబితా

మగవారివి 40, ఆడవారివి 40 పేర్లు రాసుకోండి. ఓటర్ల జాబితా, పరీక్షా ఫలితాల పట్టిక, పెళ్లి శుభలేఖ, రేషన్ జాబితా వంటివాటిని ముందు పెట్టుకుని రాయవద్దు, అవి ఎంత సులభంగా దొరికేవైనా సరే. కళ్లు మూసుకుని తలచుకుంటే మీకే వచ్చే పేర్లు ఈ పనికి సరైనవి, ఎందుకంటే తలచుకోగానే వచ్చే పేరు ఎక్కువమందికి ఉన్న పేరే అయి ఉంటుంది. అప్పలరాజు, పైడయ్య, నూకరాజు, సన్యాసిరావు, గురువులు, రామారావు, పైడితల్లి, మహాలక్ష్మి, అప్పలనర్సమ్మ, గౌరమ్మ, సన్యాసమ్మ ఇలా మొదలుపెట్టండి. ఈ తరం పిల్లల పేర్లు కూడా మూడో వంతు ఉండాలి. లేకపోతే సభ్యులందరూ 60 ఏళ్లు దాటినవారిలా కనిపించి, పుట్టిన తేదీల కాలమ్‌తో పొసగదు. అందుకని పేరు పక్కన ఏ దశాబ్దంలో పుట్టినవారికి అది సరిపోతుందో కూడా రాసుకుంటే మంచిది.

పైథాన్‌లో `Faker('en_IN')` అనే సిద్ధమైన సాధనం ఉంది కదా అని మీకు అనిపించవచ్చు. అది దేశం నలుమూలల పేర్లనూ కలిపి, వ్యక్తి పేరు ముందు, ఇంటిపేరు వెనుక వచ్చేలా ఇస్తుంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. బెంగాలీ ఇంటిపేరుతో పంజాబీ పేరు జతపడిన సభ్యుణ్ణి బొబ్బిలి సంఘం గుమాస్తాకు చూపిస్తే, ఆయన తెర మీది తప్పుల కంటే ఆ పేరునే ఎక్కువసేపు చూస్తారు. మీ పరీక్షకు అది అడ్డం.

ఇంటిపేర్లను కల్పించడం

మన ఇంటిపేర్లలో చాలావరకు ఊళ్ల నుంచి వచ్చినవి. ఊరి పేర్లేమో ఒక చెట్టు లేదా గుర్తు, దాని తరువాత ఒక చోటును సూచించే మాట కలిసి ఏర్పడినవి. గెడ్డ, బంద, మెట్ట, వలస వంటి మాటలు వినగానే ఇది ఉత్తరాంధ్ర పేరని తెలుస్తుంది. కాబట్టి ముందు మాటలు 20, వెనుక మాటలు 12 తీసుకుని అన్నిటినీ జతపరిస్తే 240 ఇంటిపేర్లు వస్తాయి. చిన్న నమూనా ఇది:

```python
import random
r = random.Random(535)

chettu = ["చింత", "తాటి", "నేరేడు", "మద్ది", "పనస"]
chotu  = ["గెడ్డ", "బంద", "మెట్ట", "వలస", "పూడి"]
inti   = [a + b for a in chettu for b in chotu]

def baruvu(n):
    return [1 / (k + 6) for k in range(n)]

def teeyi(jabita):
    return r.choices(jabita, weights=baruvu(len(jabita)))[0]
```

`Random(535)` లో ఉన్న అంకె ఏదైనా కావచ్చు, కానీ దాన్ని మార్చకుండా ఉంచండి. అప్పుడు ఎన్నిసార్లు నడిపినా అవే పేర్లు వస్తాయి, మొన్న దొరికిన తప్పును ఇవాళ మళ్లీ అదే వరుసలో చూడగలుగుతారు.

ఇక్కడ ఆగి, వచ్చిన జాబితాను ఒక్కొక్కటిగా చదవాలి. ఈ చిన్న నమూనాలోనే కనీసం మూడు చోట్ల చిక్కుంది. చింత, వలస కలిసి చింతవలస అయింది, విజయనగరం పక్కనే చింతలవలస ఉంది. తాటి, పూడి కలిసి తాటిపూడి అయింది, అది విజయనగరం జిల్లాలో జలాశయం ఉన్న ఊరు. మద్దివలస అన్న పేరు మడ్డువలస జలాశయం పేరుకు ఒక్క అక్షరం తేడాలో ఉంది. ఊరు నిజమైనదైతే ఆ ఊరి పేరున ఇంటిపేరు ఉండే అవకాశం చాలా ఎక్కువ కాబట్టి ఇటువంటివన్నీ కొట్టివేయండి. పనసమెట్ట వంటివి తదుపరి పరీక్షకు వెళ్లవచ్చు. 240లో ఇలా చదివి కొట్టివేసినవి పోగా 170, 180 మిగిలితే చాలు. మీకు తెలిసిన ఊళ్లకు పరిమితి ఉంటుంది గనుక మీ సంఘంలో పాత గుమాస్తా ఒకరి చేత కూడా చదివించండి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. వ్యక్తి పేరు చివర నాయుడు, రాజు, దొర వంటివి వచ్చినప్పుడు చదివేవారికి కులం తోస్తుంది. పేర్లనూ బాకీ స్థితినీ విడివిడిగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎంచుకోండి. ఎగవేతదారు వరుసలన్నిటికీ ఒకే తీరు పేర్లు పడిన ప్రదర్శనను నేను చూశాను. ఆ గదిలో కూర్చున్న సభ్యులు ఎంత నొచ్చుకున్నారో కూడా చూశాను.

అసలు పట్టికతో సరిచూడటం, ఏ వైపు నుంచి ఏది కదలాలి

కల్పించిన ఇంటిపేరు మీ సంఘం సభ్యుల్లో ఎవరికీ లేదని నిర్ధారించుకోవాలి. ఇందుకోసం అసలు ఇంటిపేర్లను మీ దగ్గరికి తెప్పించుకుంటే మొత్తం శ్రమ వృథా. మీ జాబితాయే ప్రొడక్షన్ వైపు వెళ్లాలి, అక్కడి డేటాబేస్ చూసే అధికారి ఈ ప్రశ్నను నడపాలి:

```sql
SELECT c.peru
FROM   kalpita_inti_perlu c
WHERE  NOT EXISTS (SELECT 1 FROM sabhyulu s
                   WHERE  s.inti_peru = c.peru);
```

ఇందులో ఒక సూక్ష్మం ఉంది, నాకు ఇది అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. మీరు పంపిన 180లో 165 తిరిగి వచ్చాయనుకోండి. రాని 15 ఏవో మీకు తెలుసు. అంటే ఆ ఇంటిపేర్ల వారు ఆ సంఘంలో సభ్యులుగా ఉన్నారని మీకు తెలిసిపోయింది. ఎవరైనా కావాలని నిజమైన ఇంటిపేరు ఒకదాన్ని మీ జాబితాలో దూర్చి పంపితే, అది తిరిగి రాకపోవడమే వారికి జవాబు. అప్పు సంఘంలో సభ్యత్వం ఉందన్న సంగతి కూడా కొందరికి గుట్టే. అందువల్ల జతలు కట్టే ప్రోగ్రామునే అధికారికి ఇవ్వండి, చదివి కొట్టివేయడం, సరిచూడటం అక్కడే జరగాలి, మీ చేతికి చివరి 150 పేర్లు మాత్రమే రావాలి. ఏవి తీసేశారో మీరు అడగకూడదు, ఆయన చెప్పకూడదు. పాత గుమాస్తా చేత చదివించే పని కూడా ఆయన బల్ల దగ్గరే జరిపించండి.

అసలు పట్టికలో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే సమానత్వపు గుర్తు ఒక్కటే చాలదు. `Paidi`, `Pydi` ఒకటే, `Laxmi`, `Lakshmi` ఒకటే. రెండు వైపులా ఖాళీలు తీసి, అన్నీ చిన్న అక్షరాలు చేసి, జంట అక్షరాలను ఒకటిగా, `th`ను `t`గా, `ai`ను `y`గా, `x`ను `ksh`గా మార్చి పోల్చమనండి. కొన్ని మంచి పేర్లు కూడా అనవసరంగా పోతాయి, ఫర్వాలేదు.

ఇంత చేసినా ఎక్కడో ఒకచోట పనసమెట్ట అప్పలనాయుడు అనే ఆయన ఉండనే ఉండవచ్చు. ఆయన వివరం ఏదీ మీ వరుసలోకి రాలేదు, కనుక ఆయన రహస్యం ఏదీ బయటపడలేదు. అయినా ఆ పేరు పక్కన నిజమైన ఊరు, దాని పక్కన 'ఎగవేత' అన్న మాట ఉంటే చూసినవారు నిజమనుకుంటారు. అందుకే ఊరి పేర్లను కూడా కల్పించమంటున్నాను. మండలం, జిల్లా నిజమైనవి ఉంచుకోవచ్చు.

నిజమైన పట్టికలా కనిపించాలంటే

రెండు సంగతులు చూసుకుంటే చాలు. మొదటిది పేర్ల పంపకం. అన్ని పేర్లూ సమానంగా పడితే వెతుకులాట పరీక్ష తేలికైపోతుంది. నిజంగా అయితే ఒక పేరు కొట్టగానే వందల వరుసలు వస్తాయి, గుమాస్తాకు అసలు కష్టం అదే. పైన రాసిన `baruvu` ఇందుకే. 40 పేర్ల జాబితాలో మొదటి పేరుకు సుమారు 7.9 శాతం, చివరి పేరుకు సుమారు 1 శాతం వాటా వస్తుంది. 10,000 మంది మగ సభ్యులు ఉంటే మొదటి పేరు దాదాపు 790 మందికి, చివరిది 105 మందికి పడుతుంది. భాగహారంలోని ఆ 6 తీసేసి 1 పెడితే మొదటి పేరు 23 శాతానికి ఎగబాకుతుంది, అంత ఎగుడుదిగుడు ఏ ఊళ్లోనూ ఉండదు. ఈ బరువుల కోసం అసలు పట్టికలో లెక్కలు తీయకండి. జాబితాను మీకు తోచిన వరుసలో పేర్చుకోవడమే సరిపోతుంది.

రెండవది ఇల్లు. వరుస తరువాత వరుసగా మనుషులను పుట్టించుకుంటూ పోతే భర్తకు ఒక ఇంటిపేరు, భార్యకు ఒకటి, 'తండ్రి లేదా భర్త పేరు' కాలమ్‌లో ఎవరూ కాని మూడో మనిషి పేరు వస్తాయి. ముందు ఊరికి నాలుగైదు ఇంటిపేర్లు కేటాయించండి, తరువాత ఇంటిని, ఆ ఇంటిపేరుతో పెద్దను, ఆయన పేరును ఆధారం చేసుకుని భార్యను, పిల్లలను పుట్టించండి. పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరుతోనే ఖాతా నడుపుతున్న స్త్రీలను నూటికి పది మందినైనా ఉంచండి. నామినీ తెరలో తప్పులు వారి దగ్గరే బయటపడతాయి. 150 ఇంటిపేర్లు, 80 పేర్లు కలిస్తే 12,000 జతలే వస్తాయి గనుక 20,000 వరుసల్లో ఒకే పూర్తి పేరుగల వారు తప్పకుండా ఉంటారు. దాన్ని లోపం అనుకుని సరిచేయకండి. పేరును బట్టి ఖాతాను తెరిచే ప్రోగ్రాములు ఎక్కడ తప్పుతాయో అవే చూపిస్తాయి.

చేత్తో రాయవలసిన వరుసలు

ప్రోగ్రాము పుట్టించలేని వరుసలు 15, 20 మీరే రాసి చేర్చండి. ఒక్కొక్కదాని పక్కన అది ఎందుకున్నదో కూడా రాయండి. నేను ఎప్పుడూ చేర్చేవి కొన్ని చెబుతాను.

సింహాచలం మగవారికీ ఆడవారికీ ఉండే పేరు. పేరును చూసి 'శ్రీ' లేదా 'శ్రీమతి' తగిలించే ఉత్తరాలన్నీ దీని దగ్గర తప్పుతాయి. అదే పేరుతో ఇద్దరిని, ఒకే ఊళ్లో, పెట్టండి. ఇంటిపేరు రాయని ఒంటి పేరు ఒకటి ఉండాలి. ఇచ్ఛాపురం వైపు ఒడియా కుటుంబాల్లో వ్యక్తి పేరు ముందు, సాహు, పాత్రో వంటివి వెనుక వస్తాయి, అవి రెండు ఉండాలి. ఆ రెండూ చాలామందికి ఉన్న ఇంటిపేర్లే కాబట్టి అలాగే వాడినా ఎవరినీ పట్టివ్వవు.

అప్పలనాయుడును తెలుగు లిపిలో రాసి చూడండి. చదివేవారికి ఆరు అక్షరాలు: అ, ప్ప, ల, నా, యు, డు. యూనికోడ్‌లో అవి 11 సంకేతాలు, ఎందుకంటే వత్తు కోసం పొల్లు, గుణింతపు గుర్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ 3 బైట్లు, అంటే మొత్తం 33 బైట్లు. ఒరాకిల్‌లో `VARCHAR2(30)` అని రాస్తే మామూలుగా అది 30 బైట్లు కాబట్టి ఈ పేరు పట్టదు, `ORA-12899` వస్తుంది. అంతకంటే చెడ్డది, పది సంకేతాల దగ్గర కోసే ముద్రణ ప్రోగ్రాము. అది ఏ తప్పూ చెప్పకుండా పాస్‌బుక్ మీద 'అప్పలనాయుడ' అని అచ్చువేస్తుంది.

పైడిరాజు సంగతి మరీ ప్రత్యేకం. తెలుగులో ఐత్వం గుర్తును ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింద ఐత్వపు తోక, ఇలా రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ 'పై' అనే కనిపిస్తాయి.

```python
import unicodedata
a = "\u0c2a\u0c48"
b = "\u0c2a\u0c46\u0c56"
a == b                                   # False
unicodedata.normalize("NFC", b) == a     # True
```

పైడితల్లి, పైడయ్య, పైడిరాజు పేర్లతో నిండిన మన పట్టికల్లో ఇది అరుదైన చిక్కు కాదు. పేరును దాచేముందు `NFC` చేయకపోతే వెతికిన పేరు కళ్లముందున్నా దొరకదు. ఈ పేరును రెండు విధాలుగానూ రాసి రెండు వరుసలు పెట్టండి. రాజ్‌కుమార్ వంటి పేర్లలో పొల్లు తరువాత కనపడకుండా ఉండే `U+200C` మాత్రం `NFC` తో పోదు, దాన్ని పోలికకు ముందు మీరే తీసేయాలి. అది ఉన్నదొకటి, లేనిదొకటి రాసుకోండి.

పక్క కాలమ్‌ల గురించి క్లుప్తంగా. మొబైల్ నంబరు 6 నుంచి 9లోపు అంకెతో మొదలైతే అది నిజంగా ఎవరిదో అయి ఉండవచ్చు, మీ టెస్ట్ సర్వర్ పంపే బాకీ సందేశం ఆ మనిషికి చేరుతుంది. 1తో మొదలుపెట్టండి, సందేశాలు పంపే భాగాన్ని పూర్తిగా ఆపి ఉంచండి. ఆధార్ సంఖ్య 0తో గానీ 1తో గానీ మొదలవదు కాబట్టి పరీక్షకు ఆ రెండే వాడండి. ఈమెయిల్‌కు `example.com` ఉంది, అది ఎవరికీ చెందకుండా ఇటువంటి పనులకే కేటాయించినది. మీ ప్రోగ్రాము ఈ నంబర్లను ఒప్పుకోకపోతే, తనిఖీని టెస్ట్ సర్వర్‌లో మాత్రమే సడలించే ఒక అమరిక పెట్టండి.

రోజూ రాత్రి నడపవలసిన ఒక ప్రశ్న

ఇంటిపేర్లన్నీ మీరు కల్పించినవే కావడం వల్ల మరో లాభం ఉంది. టెస్ట్ డేటాబేస్‌లో ఆ జాబితాలో లేని ఇంటిపేరు కనిపిస్తే, అది బయటి నుంచి వచ్చిన అసలు డేటా అని వెంటనే అనుమానించవచ్చు.

```sql
SELECT COUNT(*)
FROM   sabhyulu s
WHERE  s.inti_peru IS NOT NULL
AND    NOT EXISTS (SELECT 1 FROM test_inti_perlu t
                   WHERE  t.peru = s.inti_peru);
```

జవాబు 0 రావాలి. దీన్ని `NOT IN` తో రాయకండి. జాబితాలో పొరపాటున ఒక్క `NULL` ఉన్నా `NOT IN` ఎప్పుడూ 0 అనే చెబుతుంది, మీరు నిశ్చింతగా ఉంటారు. చేత్తో చేర్చిన సాహు, పాత్రో వంటివాటిని కూడా `test_inti_perlu` లో రాయడం మరవకండి. ఇంటిపేరు లేని వరుసలు ఎన్నో మీకు తెలుసు కనుక వాటి లెక్కను విడిగా సరిచూసుకోండి, పెరిగితే అదీ అనుమానించదగినదే.

గత ఏడాది మా దగ్గర ఒక ఉదయం ఈ లెక్క 41 అని వచ్చింది. ఒక శాఖ నుంచి దిగుమతి ఫైలు పని చేయడం లేదని ఫిర్యాదు వస్తే, మా కుర్రాడు అదే ఫైలును టెస్ట్ సర్వర్‌లో నడిపి చూశాడు. చెడు ఉద్దేశం ఏమీ లేదు, తప్పు ఎక్కడుందో త్వరగా పట్టుకోవాలనే. ఆ 41 వరుసలను తీసేశాము, ఫైలును చెరిపాము. అంతటితో అయిపోయిందనుకుంటుండగా, టెస్ట్ సర్వర్‌కు కూడా రాత్రి రెండింటికి బ్యాకప్ జరుగుతుందని గుర్తొచ్చింది. ఆ బ్యాకప్‌ను కూడా చెరిపి, అదే ఫైలులో ఉన్న తప్పును (ఒక పేరులో `U+200C`) మా కల్పిత వరుసల్లో ఒకదానికి తెచ్చిపెట్టి, దాని మీద మరమ్మతు పూర్తిచేశాము. ఆ వరుస ఇప్పటికీ మా చేతిరాత జాబితాలో పదిహేడవదిగా ఉంది.